యజమాని వెంట లేకుండా వచ్చే మొదటి ఆర్డర్

జీడిమెట్లలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో పాతిక మందితో నడిచే వర్క్‌షాపుకు వెళ్లి ‘మీ సరుకు ఎవరు అమ్ముతారు’ అని అడిగితే చాలాచోట్ల ఒకటే జవాబు: ‘ఓనరే’. మిషను గీసింది ఆయనే, రేటు కట్టేది ఆయనే, ఊళ్లు తిరిగేదీ బాకీ వసూలు చేసేదీ ఆయనే. కొన్నేళ్లు ఇలా బాగానే నడుస్తుంది. ఆ తర్వాత ఆర్డర్లు ఒక స్థాయి దగ్గర ఆగిపోతాయి. ఆయన ఊళ్లో ఉన్న వారం ఆర్డర్లు ఉండవు, ఊరు దాటిన వారం షాపులో పని ముందుకు సాగదు. అప్పుడు ‘మార్కెటింగ్‌కు ఒక మనిషిని పెట్టుకుందాం’ అనుకుంటాడు. ఒక కుర్రాడు చేరతాడు. చేతికి విజిటింగ్ కార్డులు, కేటలాగు, పాత కస్టమర్ల నంబర్లు ఇచ్చి పంపిస్తారు. ఆరు నెలలు గడిచేసరికి ఆ కుర్రాడు ఉండడు. ‘ఇప్పటి పిల్లలకు తిరగడం చేతకాదు’ అని యజమాని, ‘ఆయన ఏదీ నా చేతికి వదల్లేదు’ అని కుర్రాడు చెబుతారు.

ఈ గొడవ కుర్రాడు చేరకముందే మొదలైందని నా అభిప్రాయం. యజమాని అమ్మే పని ఒక్క పని కాదు, మూడు. అవతలివాడి కష్టం ఎక్కడుందో కనిపెట్టడం ఒకటి. అక్కడికక్కడే రేటు, గడువు, మార్పులు తేల్చి మాటివ్వడం రెండు. ‘రేపు ఏదైనా అయితే ఈయనే జవాబుదారీ’ అనే నమ్మకం మూడు. మొదటిది నేర్పాలి, రెండోది హద్దు గీసి అప్పగించాలి, మూడోది నిలబడి ఎక్కించాలి. విజిటింగ్ కార్డుతో వీటిలో ఏదీ చేతులు మారదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది ఊహించిన వర్క్‌షాపే గానీ ఇలాంటివి మన దగ్గర చాలా ఉన్నాయి. రైసు మిల్లులకు బకెట్ ఎలివేటర్లు చేసి మిర్యాలగూడ, సూర్యాపేట, నిజామాబాద్ వైపు అమ్మే యజమాని ఒకాయన. బకెట్ ఎలివేటర్ అంటే నిలువుగా తిరిగే బెల్టుకు చిన్న బకెట్లు బిగించి, ధాన్యాన్నో బియ్యాన్నో కింది నుంచి పై అంతస్తులో ఉన్న మిషనుకు ఎత్తిపోసే సాధనం. ఒక్కోటి 2 లక్షలనుకుందాం. ఇనుము, బెల్టు, బేరింగులు, కూలి అన్నీ పోగా దాని మీద 40 వేలు మిగులుతుందనుకుందాం.

ఈయన అమ్మకం ఎలా సాగుతుందో ఒకసారి చూడండి. మిల్లుకు వెళ్తే ముందు ఆఫీసు గదిలో కూర్చోడు. పాత ఎలివేటర్ దగ్గరికి వెళ్లి కింది బూటు దగ్గర వంగి చూస్తాడు. అక్కడ గింజ పేరుకుపోయి ఉంటే, పైన బయటికి పడాల్సిన ధాన్యం కొంత మళ్లీ కాలు లోపలికే జారుతోందేమోనని అనుమానిస్తాడు. బెల్టు సాగి పుల్లీ మీద జారుతోందా చూస్తాడు. బియ్యం మోసే ఎలివేటర్ అయితే వేగం చూస్తాడు, ఎందుకంటే అది మరీ జోరుగా తిరిగితే గింజ దెబ్బతిని నూక పెరుగుతుంది. ఆ తర్వాతే మిల్లరుతో మాట: ‘రోజుకు ఎన్నిసార్లు జామ్ అవుతోంది? తీసి మళ్లీ నడపడానికి ఎంతసేపు పడుతోంది?’ రెండుసార్లు, అరగంట చొప్పున అని జవాబు వస్తే లెక్క ఆయన నోటిమీదే ఉంటుంది. గంటకు 4 టన్నులు ఆడే మిల్లులో గంట ఆగితే 4 టన్నుల ధాన్యం ఆ రోజుకు ఆడనట్టే. ఈ మాట అయ్యాకే రేటు ప్రస్తావన వస్తుంది.

ఇదంతా ఎలా చేస్తావని ఆయన్నే అడిగితే ‘అనుభవం’ అంటాడు. నిజమే, అనుభవమే. కానీ అందులో సగానికి పైగా కాగితం మీద పెట్టగలిగినదే. అమెరికాలో ఒహాయో రాష్ట్రం డేటన్ పట్టణంలో జాన్ ప్యాటర్సన్ అనే వ్యాపారి 1884లో ఒక చిన్న క్యాష్ రిజిస్టర్ కంపెనీ కొన్నాడు. అప్పట్లో దుకాణదారులకు ఆ యంత్రం అవసరమే తెలియదు. ఆయన బావమరిది జోసెఫ్ క్రేన్ మాత్రం మిగతావాళ్ల కంటే బాగా అమ్మేవాడు. 1887లో క్రేన్ దుకాణంలో ఏం చెబుతాడో, ఏ వరసలో చెబుతాడో చిన్న పుస్తకంగా రాయించి, సేల్స్‌మన్లందరినీ కంఠస్థం చేయమన్నాడు ప్యాటర్సన్. అమ్మకాన్ని ఒక మనిషి నుంచి విడదీసి మరొకరికి నేర్పవచ్చని గట్టిగా చూపించిన తొలినాటి ఉదాహరణల్లో ఇదొకటి. కంఠస్థం చేయించడం వరకూ మనకు అక్కర్లేదు. మిల్లరు ముందు పాఠం అప్పజెబితే రెండో నిమిషానికే ఆయన ఫోను చూసుకుంటాడు. మనం రాసుకోవాల్సింది ప్రసంగాన్ని కాదు, ప్రశ్నలను: ఏది చూడాలి, ఏది అడగాలి, ఏ జవాబు వస్తే ఏం అర్థం చేసుకోవాలి.

అందుకే మనిషిని వెతకడానికి రెండు నెలల ముందు నుంచి యజమాని ఒక నోటుబుక్కు పెట్టాలి. ప్రతి మిల్లు నుంచి బయటికి వచ్చాక కారు స్టార్టు చేయకముందే రాయాలి: ఎవరి ద్వారా వెళ్లాను, ఎవరితో మాట్లాడాను, ఏం చూశాను, వాళ్లు ఏ అడ్డు చెప్పారు, నేనేం జవాబిచ్చాను. పాత రెండేళ్ల కొటేషన్ల ఫైలు కూడా పక్కన పెట్టుకుని, వచ్చిన ఆర్డర్లు ఏ దారిన వచ్చాయో గుర్తుచేసుకుని రాయాలి.

ఇలా రాస్తే ఒక నిజం బయటపడుతుంది. తొమ్మిది ఆర్డర్లు వస్తే అందులో ఆరేడు ‘మా బావ మిల్లులో పెట్టావట కదా’ అంటూ వాళ్లంతట వాళ్లు ఫోను చేసినవే అయి ఉంటాయి. ముక్కూ మొహం తెలియని మిల్లుకు వెళ్లి అమ్మినవి రెండో మూడో ఉంటాయి. కొత్త మనిషిని మాత్రం సరిగ్గా ఆ ముక్కూ మొహం తెలియని మిల్లులకే పంపిస్తారు. యజమాని మనసులో ఉన్న ‘నాలుగు చోట్లకు వెళ్తే ఒకటి పడుతుంది’ అనే లెక్క బంధుత్వం, పరిచయం ఉన్న చోట పనిచేసినది. దాన్నే కొత్తవాడి టార్గెట్ చేస్తే మొదటి రోజునే అతన్ని ఓడించినట్టు. కాబట్టి ప్రకటన ఇచ్చేముందు యజమాని తన పేరు ఎవరూ ఎరగని ఐదారు మిల్లులకు, ఎవరి సిఫార్సూ లేకుండా వెళ్లి చూడాలి. అక్కడ తనకే ఒక్కరూ కొటేషన్ అడగకపోతే లోటు మనిషిది కాదు. సరుకులోనో, రేటులోనో, ఎంచుకున్న ఊళ్లలోనో ఉంది. దాన్ని జీతమిచ్చి ఇంకొకరి చేత సరిచేయించలేం.

ఎవరిని తీసుకోవాలి

పెద్ద కంపెనీలో టార్గెట్లు కొట్టిన మనిషిని ఎక్కువ జీతమిచ్చి తెచ్చుకోవాలని చాలామందికి ఆశ. మొదటి మనిషి విషయంలో ఇది ఎక్కువగా బెడిసికొడుతుంది. పెద్ద కంపెనీలో ఆయన కంటే ముందు కంపెనీ పేరు మిల్లులోకి వెళ్లి ఉంటుంది. రేట్ల పట్టిక తయారుగా ఉంటుంది, సర్వీసుకు వేరే మనుషులుంటారు. ఇక్కడ అవేవీ లేవు. మార్క్ లెస్లీ, చార్లెస్ హాలోవే అనే ఇద్దరు 2006లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంలో ఇదే మాట వివరంగా చెప్పారు. ఎలా అమ్మాలో కంపెనీ ఇంకా నేర్చుకుంటున్న దశలో, ఆ నేర్చుకోవడంలో పాలుపంచుకోగల మనిషి కావాలి. అంతా కుదురుకున్న పద్ధతిలో జోరుగా అమ్మేవాళ్ల అవసరం ఆ తర్వాత వస్తుంది.

మన ఎలివేటర్ల యజమానికి పనికొచ్చే మనిషి బేరింగులు, బెల్టులు అమ్మే షాపు తరఫున మిల్లులు తిరిగినవాడు కావచ్చు. లేదా మాట తీరు ఉన్న సర్వీసు మెకానిక్ కావచ్చు. మిల్లు దుమ్ములో గంటసేపు నిలబడటానికి విసుక్కోని మనిషి కావాలి. మాటకారితనానికి మరీ మార్కులు వేయకూడదు. ఇంటర్వ్యూలో యజమానిని మెప్పించిన వాక్చాతుర్యం మిల్లులో ప్రశ్న అడిగి ఊరుకోవాల్సిన చోట అడ్డే అవుతుంది.

అందరికీ అవే ప్రశ్నలు వేసి, జవాబులు రాసుకుని పోల్చుకోవడం మంచిది. ‘మీ చేతి నుంచి జారిపోయిన చివరి ఆర్డర్ గురించి చెప్పండి’ అని అడగండి. కొన్నవాడి పేరు, అతని ఇబ్బంది, పోటీదారు రేటు, తను తెలుసుకోలేకపోయిన విషయం వివరంగా చెప్పగలిగితే ఆ మనిషి నిజంగా అమ్మినవాడు. ‘మా కంపెనీ రేటు ఎక్కువ సార్’ అనే ఒక్కమాటతో ఆగిపోతే ఇంకా తవ్వాలి. ఆ తర్వాత ఒక పూట కూలి ఇచ్చి మిల్లుకు వెంట తీసుకెళ్లండి. తిరిగొచ్చాక చూసింది ఒక పేజీలో రాయమనండి. బూటు దగ్గర పేరుకున్న గింజ అతని కంటబడిందా? మిల్లరు కొడుకే అసలు నిర్ణయం తీసుకుంటున్నాడని పసిగట్టాడా? ఆ పేజీ బయోడేటా కంటే ఎక్కువ చెబుతుంది. పాత బాస్‌తో కాకుండా అతను అమ్మిన ఇద్దరు కస్టమర్లతో మాట్లాడండి. ‘సరుకు అమ్మాక మళ్లీ వచ్చాడా?’ అన్న ఒక్క ప్రశ్న చాలు.

జీతం సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. నెలకు 30 వేల జీతం, 12 వేల తిరుగుడు ఖర్చు అనుకుంటే ఏడాదికి 5 లక్షల పైచిలుకు. ఒక్కో ఎలివేటర్‌కు 40 వేలు మిగిలితే అతని ఖర్చు అతనికి రావడానికే 13 ఎలివేటర్లు అమ్మాలి. మొదటి ఐదు నెలలు ఏమీ రాకపోవచ్చు, అంటే 2 లక్షల 10 వేలు పక్కన పెట్టుకున్నాకే పిలవాలి. ‘జీతం వద్దు, కమీషన్ మీద చేసుకో’ అనడం చవకగా కనిపిస్తుంది. కానీ నేర్చుకునే ఆరు నెలలూ ఇల్లు గడవని మనిషి ఆర్డర్ కోసం నోటికొచ్చిన మాట ఇచ్చేస్తాడు, లేదా మరో పని చూసుకుంటాడు.

చేర్చుకునే నెల కూడా ముఖ్యమే. ఖరీఫ్ ధాన్యం వచ్చేముందే మిల్లర్లు మిషన్ల సంగతి తేల్చుకోవాలనుకుంటారు. కాబట్టి ఫిబ్రవరిలో చేరితే షాపులో నెల రోజులు, ఏప్రిల్, మే నెలల్లో రబీ ధాన్యం ఆడే మిల్లులు చూస్తూ రెండు నెలలు గడిపి, జూన్ నుంచి అమ్మకానికి దిగవచ్చు. అక్టోబరులో చేరితే మిల్లరుకు మాట్లాడే తీరికే ఉండదు.

కారులో, మిల్లులో, ఫోనులో

మొదటి నెల అతను అమ్మకం మాటే ఎత్తకూడదు. ఫిట్టర్ పక్కన నిలబడి ఎలివేటర్ కట్టడం చూడాలి, ఒక్కసారైనా తన చేత్తో బెల్టు బిగించాలి. సర్వీసు కంప్లయింటు వస్తే మెకానిక్ వెంట వెళ్లాలి. సరుకు ఎక్కడ బలహీనమో మిల్లరు నోటి నుంచి వినడం కేటలాగు చదవడం కంటే పది రెట్లు నయం.

తర్వాత యజమానితో కలిసి తిరగాలి. మొదట కొన్ని మిల్లుల్లో యజమాని మాట్లాడతాడు, కొత్త మనిషి రాసుకుంటాడు. తర్వాత కొన్నింట్లో మిషను చూడటం, ప్రశ్నలడగడం కొత్త మనిషి వంతు, రేటు మాట యజమాని వంతు. ఆపైన అంతా కొత్త మనిషే మాట్లాడాలి, యజమాని ఊరుకోవాలి. ఈ ఊరుకోవడం దగ్గరే ఎక్కువమంది యజమానులు తప్పిపోతారు. కొత్త మనిషి ఒక ప్రశ్న మరిచిపోతాడు, యజమాని అందుకుంటాడు. అంతే, మిల్లరు కుర్చీ ఇటు తిరుగుతుంది, ఇక ఆ కుర్రాడు గదిలో లేనట్టే. అతను తప్పు చెప్పినా, మిల్లుకు ప్రమాదం తెచ్చే తప్పు కానంతవరకు, బయటికి వచ్చాకే చెప్పాలి. మిల్లరు యజమాని వైపు తిరిగి అడిగినా ‘ఆయన చూశాడు, ఆయన్నే చెప్పనివ్వండి’ అనాలి.

కారెక్కాక మాత్రం వదలకూడదు. ‘అతని ఇబ్బంది ఏంటి? నిర్ణయం ఎవరిది? ఇక జరగాల్సింది ఏంటి, ఏ తేదీకి?’ మూడింటికీ జవాబు కొత్త మనిషే చెప్పాలి. మూడోదానికి ‘ఫోన్ చేస్తామన్నారు’ అనే జవాబు వస్తే, ఆ మిల్లులో ఏమీ జరగలేదని ఇద్దరూ ఒప్పుకోవాలి.

ఇక హద్దులు. రేటులో ఎంత తగ్గించవచ్చో అంకె చెప్పాలి. మన ఉదాహరణలో 2 లక్షల మీద 5 వేల వరకు అతని ఇష్టం, ఆపైన ఫోను చేయాలి. డెలివరీ తేదీ షాపు సూపర్‌వైజర్‌ను అడగకుండా ఇవ్వకూడదు. అడ్వాన్సు లేకుండా ఆర్డర్ తీసుకోకూడదు. ఇవి ఒక కాగితం మీద ఉండాలి, నోటిమాటగా ఉంటే ప్రతి ఆర్డర్‌కూ మారతాయి.

కాగితం కంటే పెద్ద పరీక్ష ఫోనులో వస్తుంది. కొత్త మనిషి రేటు చెప్పి వచ్చిన సాయంత్రమే మిల్లరు నేరుగా యజమానికి చేస్తాడు.

‘అన్నా, మీ పిలగాడొచ్చి రెండు లక్షలన్నడు. ఇన్నేండ్ల సంది తెలిసినోళ్లం, నీ రేటు చెప్పు.’

అలవాటు కొద్దీ ‘నీకోసం ఒక తొంభై చేస్తాలే అన్నా’ అనేస్తే 10 వేలు పోవడం చిన్న నష్టం. ఆ నిమిషం నుంచి ఆ కుర్రాడు చెప్పే ఏ రేటుకూ ఆ ఊళ్లో విలువ ఉండదు. మిల్లర్లు ఒకరికొకరు చెప్పుకుంటారు. ప్రతి కొటేషన్ తర్వాతా యజమాని ఫోను మోగుతుంది, అంటే అమ్మేది మళ్లీ ఆయనే. చెప్పాల్సిన జవాబు వేరు:

‘అన్నా, రేటు ఆయన చేతిలనే ఉన్నది. నేనొక రేటు, ఆయనొక రేటు చెప్పం. రేపు పొద్దున ఆయన్నే పంపిస్త, కూసొని మాట్లాడుకోండి.’

ఇలా అన్నందుకు ఒకటి రెండు ఆర్డర్లు పోవచ్చు. పోనివ్వాలి. నా లెక్కలో మొత్తం శిక్షణలో అన్నిటికంటే ఖరీదైన పాఠం ఇదే, నేర్చుకోవాల్సింది యజమాని. మూడోదైన నమ్మకం ఎక్కేదీ ఇక్కడే. ఆ మిల్లులో ఎలివేటర్ మొరాయిస్తే కంప్లయింటుకు మొదట వెళ్లేదీ, ‘రేపటికి చేయిస్తా’ అని మాటిచ్చేదీ ఆ కుర్రాడే అయి ఉండాలి. ఆ మాట నిలబడేలా షాపులో పని కదిలించడం యజమాని బాధ్యత.

ఇన్సెంటివ్ ఆర్డర్ వచ్చిన రోజు కాకుండా డబ్బు చేతికొచ్చిన రోజు ఇవ్వాలి. చిన్న పరిశ్రమల దగ్గర కొన్నవాళ్లు ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి ఎం.ఎస్.ఎం.ఇ. చట్టం చెబుతోంది గానీ, రోజూ చూసే మిల్లరు మీద కేసు వేసే యజమాని అరుదు. డబ్బు సరిగ్గా ఇచ్చేవాడెవడో అమ్మేవాడే ముందు చూసుకోవాలంటే అతని లాభం కూడా వసూలుతో ముడిపడి ఉండాలి.

ఆర్డర్లు రాకపోతే లోటు ఎక్కడ

ఆర్డర్లు వచ్చేలోపు పని బాగుందో లేదో తెలుసుకోవడానికి ఆ నోటుబుక్కు పద్ధతే కొత్త మనిషీ పాటించాలి. వారానికి ఒకసారి ఇద్దరూ కూర్చుని చూడాలి. మిల్లులు చాలా తిరిగినా కొటేషన్లు అడగడం లేదంటే, అతనికి ఇబ్బంది కనిపెట్టడం రాలేదు. మళ్లీ షాపులోకి, మళ్లీ కలిసి తిరగడానికి వెళ్లాలి. కొటేషన్లు పోతున్నా ఆర్డర్లు పడకపోతే, చాలాసార్లు తప్పు యజమాని వైపు ఉంటుంది. కొటేషన్ ఆలస్యంగా ఇచ్చి ఉంటారు, ఫోనులో రేటు తగ్గించి ఉంటారు, లేదా నిర్ణయం తీసుకునే మనిషిని కుర్రాడు అసలు కలిసి ఉండడు. ఆర్డర్లు వచ్చినా డబ్బు రాకపోతే తప్పుడు మిల్లులకు అమ్ముతున్నాడు. మూడో నెల దాటినా అతని పేజీల్లో ‘ఆసక్తి ఉంది, మళ్లీ రమ్మన్నారు’ తప్ప ఏమీ లేకపోతే, కలిసి తిరిగినా అతని ప్రశ్నలు మారకపోతే, సీజను పోకముందే ఆ మాట సూటిగా చెప్పి విడిపోవడం ఇద్దరికీ మేలు. ఎదురుచూడాల్సిన మంచి గుర్తు ఒకటుంది. మిల్లరు జామ్ అయిందని యజమానికి కాకుండా నేరుగా ఆ కుర్రాడికి ఫోను చేస్తే, ఆర్డర్ రాకపోయినా దారి సరైనదే.

ఇద్దరిని ఒకేసారి తీసుకుంటే ఒకరితో ఒకరిని పోల్చుకోవచ్చని కొందరంటారు. స్తోమత ఉంటే మంచిదే, కానీ పాతిక మంది వర్క్‌షాపు యజమాని ఇద్దరితో కలిసి తిరగలేడు. ఒకరికి పూర్తిగా నేర్పడం నయం.

‘అన్నీ నేర్పాక నా కస్టమర్లను పట్టుకుని పక్క కంపెనీలో చేరితే?’ అనే భయం చాలామందిని ఆపుతుంది. వెళ్లాక పోటీ కంపెనీలో చేరకూడదని బాండు రాయించుకుంటే సరిపోతుందనుకోకండి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ప్రకారం, ఒకరు తన వృత్తి చేసుకోకుండా ఆపే ఒప్పందం చెల్లదు. ఉద్యోగం మానేశాక కూడా కట్టిపడేసే షరతులను కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు. డ్రాయింగులు, రేట్ల లెక్కలు బయటపెట్టకూడదని రాయించుకోవడం వేరే సంగతి, అది చేయాలి. అంతకంటే గట్టి రక్షణ రోజువారీ పద్ధతిలో ఉంది. అతను వాడే సిమ్ కంపెనీ పేరు మీద ఉండాలి. మిల్లుల వివరాలు, మాటల నోటుబుక్కు కంపెనీవి కావాలి. ప్రతి పాత కస్టమర్ దగ్గరికి యజమాని ఏడాదికి ఒకసారైనా స్వయంగా వెళ్లాలి. అమ్మడానికి కాదు, మిషను ఎలా ఉందో చూడటానికి. అక్కడ రేటు మాట వస్తే ఆ కుర్రాడి పేరే చెప్పాలి.

యజమానికి తెలియని ఊళ్లో, ఆయన అడుగుపెట్టని మిల్లు నుంచి మూడు నాలుగు ఆర్డర్లు వచ్చి, డబ్బు కూడా చేతికందాక రెండో మనిషి గురించి ఆలోచించవచ్చు. ఆ రెండో మనిషికి మొదటి నెల మిల్లులు చూపించే పని మాత్రం యజమానిది కాదు, మొదటి మనిషిది.